పాట లేకుండానే వేడెక్కిన బోర్డు

మే నెలలో ఒక మధ్యాహ్నం నా బెంచి మీదికి ఒక క్లాస్ డి యాంప్లిఫయర్ బోర్డు వచ్చింది. తెచ్చిన కుర్రాడికి మైక్‌సెట్ల వ్యాపారం ఉంది. పెళ్ళిళ్ళకీ జాతరలకీ సెట్లు కడుతుంటాడు. ట్రాన్సిస్టర్లు కాలిపోతే తనే మార్చుకున్నాడట. మార్చాక బోర్డు పాడింది గానీ, కొత్త జబ్బు పట్టుకుంది.

"అన్నా, పాట పెట్టకముందే కాలిపోతోంది. వాల్యూమ్ సున్నాలోనే ఉంది. ఐదు నిమిషాలకు రేకు మీద చెయ్యి పెట్టలేకపోతున్నాం" అన్నాడు.

వంద వాట్ల బల్బు సీరీస్‌లో పెట్టి కరెంటిచ్చాను. బోర్డు బాగుంటే బల్బు ఒక్కసారి వెలిగి, కెపాసిటర్లు నిండగానే మసకబారిపోవాలి. ఇది మసకబారలేదు. అంటే పాటేమీ లేకపోయినా బోర్డు గట్టిగానే కరెంటు తాగుతోంది. ట్రాన్సిస్టర్లకు బిగించిన అల్యూమినియం రేకు చూస్తే రెండు అగ్గిపెట్టెలు పక్కపక్కన పెట్టినంత ఉంది. అంత చిన్న రేకు పెట్టారంటే ఆ డిజైన్ చేసినవాళ్ళకి వేడి రాదని నమ్మకం ఉన్నట్టే.

"క్లాస్ డి చల్లగా ఉంటుందనే కదా అందరూ చెప్తారు?" అన్నాడు. న్యాయమైన ప్రశ్న. ఈ బోర్డు ఎందుకు కాలుతోందో తెలియాలంటే, ఇలాంటివి మామూలుగా ఎందుకు కాలవో ముందు తెలియాలి.

ట్రాన్సిస్టర్‌లో పుట్టే వేడికి ఒక్కటే లెక్క. దాని మీద ఎన్ని వోల్టులు నిలబడ్డాయో, దానిలోంచి ఎన్ని ఆంపియర్లు పారుతున్నాయో చూసి, రెండూ గుణించాలి. వచ్చినన్ని వాట్లూ వేడే. వోల్టేజీ నిండా ఉండి కరెంటు లేకపోతే వేడి లేదు. కరెంటు పారుతున్నా వోల్టేజీ నిలబడకపోతే వేడి లేదు. రెండూ ఒకే క్షణంలో ఒకేచోట ఉన్నప్పుడే ట్రాన్సిస్టర్ కాలుతుంది. ఈ ఒక్క మాట పట్టుకుంటే మిగతాదంతా అర్థమైపోతుంది.

మన ఊళ్ళల్లో ఇప్పటికీ ఎక్కువగా కనిపించే పాత యాంప్లిఫయర్లు క్లాస్ ఏబీ రకం. వాటిలో రెండు పవర్ ట్రాన్సిస్టర్లు ఒకదాని కింద ఒకటి ఉంటాయి. పైదాని కొస ప్లస్ 35 వోల్టులకీ, కిందిదాని కొస మైనస్ 35 వోల్టులకీ కలిపి ఉందనుకుందాం. రెండూ కలిసే నడిమి చోటి నుంచి స్పీకర్‌కి తీగ పోతుంది. పాట తరంగం పైకి లేచినప్పుడు పై ట్రాన్సిస్టర్ ఆ మేరకు తెరుచుకుంటుంది, కిందికి దిగినప్పుడు కిందిది. ఒకరి నుంచి ఇంకొకరికి పని మారే చోట శబ్దం గరగరలాడకుండా, పాట లేనప్పుడు కూడా రెండింటిలోనూ కొద్దిపాటి కరెంటు పారేలా ఉంచుతారు. అదే ఏబీ పద్ధతి.

'ఆ మేరకు తెరుచుకోవడం' అన్నానే, చిక్కంతా అక్కడే ఉంది. మన ఇళ్ళల్లో వెనకటి ఫ్యాన్ రెగ్యులేటర్లు గుర్తున్నాయా? గోడకి పెద్ద డబ్బా, లోపల తీగ చుట్టిన రెసిస్టెన్సు. ఒకటో నంబరులో పెడితే ఫ్యాన్ నెమ్మదిగా తిరిగేది గానీ డబ్బా మాత్రం వేడెక్కేది. ఫ్యాన్‌కి అక్కర్లేని వోల్టేజీని ఆ తీగ తన మీద వేసుకుని, వేడిగా మార్చి గదిలోకి వదిలేది. ఏబీలో ట్రాన్సిస్టర్ చేసేదీ అదే పని. కాకపోతే సెకనుకు వేలసార్లు తన నిరోధం మార్చుకుంటూ చేస్తుంది.

ఒక్క క్షణాన్ని పట్టుకుని లెక్క వేద్దాం. స్పీకర్ 8 ఓములది. పాటలో ఒకానొక క్షణంలో దానికి 15 వోల్టులు కావాలి. స్పీకర్‌లో పారే కరెంటు 15ని 8తో భాగిస్తే వచ్చేది, 1.875 ఆంపియర్లు. అదే కరెంటు పై ట్రాన్సిస్టర్‌లోంచే రావాలి. సప్లై 35, స్పీకర్‌కి పోయింది 15. మిగిలిన 20 వోల్టులు ట్రాన్సిస్టర్ మీదే నిలబడ్డాయి. 20ని 1.875తో గుణిస్తే 37.5 వాట్లు. ఆ క్షణంలో స్పీకర్ తీసుకున్నది 28 వాట్లే. పాటకి ఖర్చైనదానికంటే రేకుకి పోయిందే ఎక్కువ.

దీనిలోంచి చాలామంది ఊహించని సంగతి ఒకటి బయటపడుతుంది. ఏబీ యాంప్లిఫయర్ అన్నిటికంటే ఎక్కువగా వేడెక్కేది ఫుల్ వాల్యూమ్‌లో కాదు. ఇదే సప్లై మీద సైన్ తరంగం అంచుల దాకా పెట్టి, మిగతా చిన్న నష్టాలు వదిలేసి లెక్క కడితే, స్పీకర్‌కి 76 వాట్లు పోతాయి, రెండు ట్రాన్సిస్టర్లలోనూ కలిపి వేడి 21 వాట్లు. అదే వాల్యూమ్ తగ్గించి స్పీకర్‌కి 31 వాట్లే పంపితే, వేడి కూడా 31 వాట్లకు పెరుగుతుంది. పూర్తిగా తెరుచుకున్నప్పుడు ట్రాన్సిస్టర్ మీద వోల్టేజీ మిగలదు. సగం సగం తెరుచుకున్నప్పుడే బరువు దాని నెత్తి మీద పడుతుంది. పాటలు ఎక్కువసేపు ఉండేది ఈ నడిమి చోటనో, ఇంకా కిందనో. పది వాట్ల లోపు పాట వినిపించడానికి పాతిక వాట్ల వేడి పుట్టడం ఏబీలో మామూలు సంగతే.

ఆ పాతిక, ముప్పై వాట్లు ఎక్కడికో ఒకచోటికి పోవాలి. ఒక్కో వాటుకి ఒక్కో డిగ్రీ పెరిగే హీట్‌సింక్ అంటే చిన్నదేం కాదు, రెక్కలున్న బరువైన అల్యూమినియం దిమ్మ. దాని మీద 31 వాట్లు పడితే గాలికంటే 31 డిగ్రీలు ఎక్కువ వేడెక్కుతుంది. రెంటచింతల ఎండల్లో పందిరి కింద గాలే 42 డిగ్రీలుంటే దిమ్మ 73 డిగ్రీలకు చేరుతుంది, లోపలి ట్రాన్సిస్టర్ ఇంకా పైన ఉంటుంది. ఎండాకాలం పెళ్ళిళ్ళలో మైక్‌సెట్టు పక్కన టేబుల్ ఫ్యాన్ పెట్టేది ఇందుకే.

క్లాస్ డి ఈ చిక్కుని వేరే దారిలో విప్పింది. ముందు ఒక అపోహ తీసేయాలి. డి అంటే డిజిటల్ కాదు. ఎ, బి, సి అనే పేర్లు అప్పటికే వాడేశారు కాబట్టి తర్వాతి అక్షరం పెట్టారు, అంతే. ఇందులో కూడా రెండు ట్రాన్సిస్టర్లు ఒకదాని కింద ఒకటే ఉంటాయి, సాధారణంగా మాస్‌ఫెట్లు. కానీ వాటిని సగం తెరుచుకోనివ్వరు. పూర్తిగా తెరవాలి, లేదా పూర్తిగా మూయాలి. పైది తెరిచి ఉంటే కిందిది మూసి ఉంటుంది, కిందిది తెరిస్తే పైది మూసుకుంటుంది. నడిమి తీగ మీద ఎప్పుడు చూసినా ప్లస్ 35 ఉంటుంది, కాకపోతే మైనస్ 35 ఉంటుంది. మరి 15 వోల్టులు ఎక్కడి నుంచి వస్తాయి?

కాలంలోంచి వస్తాయి. ఈ మాస్‌ఫెట్లు సెకనుకు దాదాపు 4 లక్షలసార్లు అటూ ఇటూ మారుతుంటాయి. ఒక్కో విడతకు రెండున్నర మైక్రోసెకన్లు. అందులో సరిగ్గా సగం సేపు ప్లస్, సగం సేపు మైనస్ ఉంటే సగటు సున్నా, అంటే నిశ్శబ్దం. సగటున 15 వోల్టులు కావాలంటే 1.79 మైక్రోసెకన్లు ప్లస్‌లో, మిగతా 0.71 మైక్రోసెకన్లు మైనస్‌లో ఉంచితే చాలు. పాట పెరిగేకొద్దీ ప్లస్ వాటా పెరుగుతుంది, దిగేకొద్దీ తగ్గుతుంది. ఎంతసేపు ఎటువైపు ఉండాలో తేల్చే పద్ధతి చాలా సులువైనది. ఒకవైపు పాట తరంగం, ఇంకోవైపు సెకనుకు 4 లక్షలసార్లు ఎక్కి దిగే త్రిభుజాకారపు తరంగం. కంపారేటర్ అనే సర్క్యూట్ ఆ రెండింటినీ పోలుస్తూ, పాట పైన ఉన్నంతసేపు పై మాస్‌ఫెట్‌ని, త్రిభుజం పైన ఉన్నంతసేపు కింది మాస్‌ఫెట్‌ని తెరుస్తుంది. కొన్ని బోర్డులు విడిగా త్రిభుజం తయారుచేసుకోకుండా, తమ ఔట్‌పుట్‌నే వెనక్కి తిప్పుకుని తామే ఊగుతుంటాయి. కుర్రాడు తెచ్చింది ఆ రకమే. చివరికి వచ్చేది మాత్రం ఒకటే, వెడల్పు మారే పల్సుల వరస.

ఆ పల్సుల్ని సగటు చేసే పని ఒక కాయిల్, ఒక కెపాసిటర్ చూసుకుంటాయి. కాయిల్ కరెంటుని ఒక్కసారిగా మారనివ్వదు, కెపాసిటర్ వోల్టేజీని ఒక్కసారిగా మారనివ్వదు. ఫ్యాన్ స్విచ్చి గబగబా వేసి తీస్తుంటే రెక్కలు ఆగిపోవు, వేగం మాత్రం తగ్గుతుంది. ఇదీ అలాంటిదే. ఈ బోర్డులో ఉన్నవి 22 మైక్రోహెన్రీల కాయిల్, 0.68 మైక్రోఫారడ్ కెపాసిటర్. రెండూ కలిసి 41 కిలోహెర్ట్జ్ దాకా దారి ఇచ్చి, ఆ పైనున్నదాన్ని అణిచేస్తాయి. మనిషి చెవి 20 కిలోహెర్ట్జ్ దాటి వినదు కాబట్టి పాటంతా దాటిపోతుంది, 400 కిలోహెర్ట్జ్ రొద మాత్రం వందో వంతుకి పడిపోతుంది.

ఇప్పుడు అదే క్షణానికి వేడి లెక్క మళ్ళీ వేద్దాం. 15 వోల్టులు, 1.875 ఆంపియర్లు. మూసి ఉన్న మాస్‌ఫెట్ మీద 70 వోల్టులున్నా దానిలో కరెంటు లేదు, కాబట్టి వేడి లేదు. తెరిచి ఉన్నదానిలో కరెంటు పారుతోంది గానీ దాని నిరోధం 0.08 ఓములే. దాని మీద నిలబడే వోల్టేజీ 0.15. వేడి 0.28 వాట్లు. ఏబీలో ఇదే క్షణంలో 37.5 వాట్లు పుట్టింది.

లెక్క ఇక్కడితో ఆపితే నిజాయితీ కాదు. మూసి ఉన్న మాస్‌ఫెట్ తెరుచుకోవడానికి కొంత సమయం పడుతుంది. ఆ కాస్త సేపట్లో వోల్టేజీ ఇంకా పూర్తిగా దిగదు, కరెంటు అప్పటికే పారడం మొదలెడుతుంది. అంటే ఏబీలో ఎప్పుడూ ఉండే పరిస్థితి ఇక్కడ కూడా ఒక్క తృటికాలం వచ్చిపోతుంది. తెరవడానికి 20 నానోసెకన్లు, మూయడానికి 20 నానోసెకన్లు అనుకుంటే, సెకనుకు 4 లక్షల విడతల మీద ఇది కూడబెట్టే వేడి ఒక వాటు పైచిలుకు. చూడండి, తెరిచి కూర్చున్నందుకు పావు వాటు, తలుపు తీసి వేసినందుకు ఒక వాటు. క్లాస్ డిలో ఖర్చంతా తలుపు దగ్గరే.

అందుకే ఈ ఆలోచన పాతదైనా చాలాకాలం పనికిరాలేదు. 1964లో ఇంగ్లండులో క్లైవ్ సింక్లెయిర్ ఎక్స్-10 అనే క్లాస్ డి కిట్‌ని అమ్మకానికి పెట్టారు. ఆలోచన సరైనదే గానీ ఆనాటి ట్రాన్సిస్టర్లు అంత వేగంగా తెరుచుకుని మూసుకోలేకపోయాయి. చెప్పిన పది వాట్లు అది ఇవ్వలేకపోయింది. వేగంగా మారే మాస్‌ఫెట్లు వచ్చాకే క్లాస్ డి నిలదొక్కుకుంది.

ఇక కుర్రాడి బోర్డు దగ్గరికి వద్దాం. రెండు మాస్‌ఫెట్లూ ఒకేసారి తెరుచుకుంటే ఏమవుతుంది? ప్లస్ 35కీ మైనస్ 35కీ మధ్య స్పీకర్ లేదు, ఏమీ లేదు. 70 వోల్టులు సూటిగా షార్ట్ అయినట్టే. అందుకని ఒకటి మూసుకున్నాక కాస్త ఆగి రెండోది తెరిచేలా డ్రైవర్ ఐసీని తయారుచేస్తారు. ఆ విరామాన్ని డెడ్ టైమ్ అంటారు. ఈ బోర్డులో అది 40 నానోసెకన్ల చిల్లర. ఎక్కువ పెట్టుకుంటే భద్రంగా ఉంటుంది కదా అనిపిస్తుంది గానీ, ఆ విరామంలో ఔట్‌పుట్ ఎవరి అదుపులోనూ ఉండదు. విరామం పెరిగేకొద్దీ శబ్దం గీరుకుపోయినట్టు వినిపిస్తుంది. కాబట్టి వేసిన మాస్‌ఫెట్‌కి సరిపోయేంతే పెట్టి, అక్కడితో ఆపుతారు.

"ఏం నంబరు వేశావు తమ్ముడూ?" అని అడిగాను.

"640 అన్నా. ఉన్నది 4019, అది ఎక్కడా దొరకలేదు. షాపులో అడిగితే ఇదే వెయ్యమన్నారు. అది 17 ఆంపియర్లు, ఇది 18. అది 150 వోల్టులు, ఇది 200. ఇదే గట్టిది కదా?"

అతని తప్పేం లేదు. ఏబీ యాంప్లిఫయర్లు బాగుచేసిన ఎవరైనా చూసేది ఈ రెండు అంకెలే, అక్కడ దాదాపు సరిపోతాయి కూడా. క్లాస్ డిలో మూడో అంకె ఒకటుంది, గేటు ఛార్జీ. మాస్‌ఫెట్ గేటు చిన్న కెపాసిటర్ లాంటిది. దాన్ని ఛార్జీతో నింపితే మాస్‌ఫెట్ తెరుచుకుంటుంది, ఖాళీ చేస్తే మూసుకుంటుంది. ఆడియో కోసమే తయారైన ఐఆర్ఎఫ్‌బీ4019కి ఆ ఛార్జీ 13 నానోకూలంబ్‌ల దరిదాపుల్లో ఉంటుంది. ఐఆర్ఎఫ్640ఎన్‌కి 67 దాకా పోతుంది. డ్రైవర్ ఐసీ ఇవ్వగలిగింది ఒక ఆంపియర్ అనుకోండి. ఒక ఆంపియర్‌తో 13 నానోకూలంబ్‌లు నింపడానికీ తోడడానికీ 13 నానోసెకన్లు చాలు, 40 నానోసెకన్ల విరామంలో పని హాయిగా ముగుస్తుంది. 67 తోడాలంటే 67 నానోసెకన్లు కావాలి. అంటే మొదటిది పూర్తిగా మూసుకోకముందే రెండోదానికి తెరుచుకోమని కబురు అందుతోంది. విడతకు రెండుసార్లు, సెకనుకు 8 లక్షలసార్లు, రెండు తలుపులూ కాస్త కాస్త తెరిచి ఉండగా 70 వోల్టులు అడ్డంగా దూసుకుపోతున్నాయి. ఇది పాటతో పనిలేని జబ్బు. అందుకే వాల్యూమ్ సున్నాలో ఉన్నా రేకు కాలుతోంది.

ఊహ నిజమో కాదో చూడటానికి బల్బు తీసేసి, కరెంటుకి హద్దు పెట్టుకోగలిగే బెంచి సప్లైకి మార్చాను. పాట లేకుండా ఒక్కో సప్లై తీగలో 400 మిల్లీఆంపియర్లు పారుతున్నాయి. రెండు వైపులా కలిపి 28 వాట్లు, ఆ అగ్గిపెట్టెల రేకు మీద. స్పీకర్ తీసేసినా ఆ అంకె కదల్లేదు. స్పీకర్ లేకపోయినా తగ్గని కరెంటు అంటే మాస్‌ఫెట్ల మధ్యే అడ్డదారి ఉన్నట్టు. ఆసిలోస్కోప్ లేనివాళ్ళకి ఇంతకంటే తేలికైన పరీక్ష లేదు.

అసలు నంబరు మాస్‌ఫెట్లు తెప్పించడానికి వారం పట్టింది. వేశాక అదే సప్లై మీద 45 మిల్లీఆంపియర్లు చూపించింది. మొత్తం కలిపి 3 వాట్ల పైచిలుకు. పాట పెట్టి అరగంట పాడించాం. రేకు గోరువెచ్చగా ఉంది, చెయ్యి తియ్యాల్సిన పని లేదు.

బోర్డు పక్కన చిన్న ట్రాన్సిస్టర్ రేడియో కూడా పెట్టి చూశాను. క్లాస్ డి బోర్డు ఏది బాగుచేసినా ఇది చేస్తాను. 400 కిలోహెర్ట్జ్‌కి రెట్టింపు 800, విజయవాడ ఆకాశవాణి మీడియం వేవ్‌లో వచ్చేది 837 కిలోహెర్ట్జ్ మీద. బోర్డు ఊగే వేగం 418 దగ్గరికి జరిగిందంటే దాని రెట్టింపు సరిగ్గా స్టేషన్ నెత్తిన పడి, వార్తల మీద ఈల వినిపిస్తుంది. టీపీఏ3116డీ2 లాంటి చిప్పుల్లో ఈ తాకిడి తప్పించడానికి వేగం మార్చుకునే పిన్నులే పెట్టారు. ఈ బోర్డులో ఆ వీలు లేదు. కాయిల్ నుంచి స్పీకర్‌కి పోయే తీగలు రెండూ మెలిపెట్టి, పొట్టిగా కత్తిరించాక రొద చాలావరకు తగ్గింది.

వెళ్ళేముందు కుర్రాడు బోర్డంతా వేలితో తడిమి చూసుకుంటూ కాయిల్ దగ్గర ఆగాడు. "అన్నా, ఇది వేడిగా ఉందేంటి? మళ్ళీ ఏమైనా తేడానా?"

తేడా కాదు. పాట లేనప్పుడు కూడా ఆ కాయిల్‌కి ఒక చివర ప్లస్ 35, మైనస్ 35 మారుతూనే ఉంటాయి. విడతలో సగం, అంటే 1.25 మైక్రోసెకన్లు, 35 వోల్టులు పడితే 22 మైక్రోహెన్రీల కాయిల్‌లో కరెంటు 2 ఆంపియర్ల మేర పెరుగుతుంది, మిగతా సగంలో అంతే దిగుతుంది. ఆ ఊగులాట స్పీకర్ దాకా పోకుండా కెపాసిటర్‌లోనే తిరిగిపోతుంది గానీ, కాయిల్ లోపలి కోరుని మాత్రం సెకనుకు 4 లక్షలసార్లు అటూ ఇటూ గుంజుతుంది. ఇప్పుడు ఆ బోర్డులో అన్నిటికంటే వేడిగా ఉండేది అదే. పెట్టెలో బిగించేటప్పుడు కాయిల్ ఉన్న వైపు గాలి రంధ్రాలకి ఎదురుగా వచ్చేలా బోర్డుని తిప్పి పెట్టమన్నాను. అతను అప్పుడే పెన్సిల్ తీసుకుని పెట్టె అడుగున గుర్తు పెట్టుకున్నాడు.